నాలుగేళ్లు వాడిన ఫీజు కార్డు: బిల్లు పడకముందే అడిగితే ఏమైందంటే

మాది పాలకొల్లు దగ్గర ఊరు. నాలుగెకరాల రొయ్యల చెరువు, దాంతోపాటు చిన్న మేత దుకాణం. 2021 ఆగస్టులో ఓ బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి మరీ అంటగట్టిన క్రెడిట్ కార్డు ఇది. ఏడాదికి 2,500 రూపాయల ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ 450, మొత్తం 2,950. ఏడాదిలో మూడు లక్షలు ఖర్చు పెడితే ఫీజు ఉండదన్నారు. మేత బిల్లులు, మందులు, జనరేటర్ డీజిలు, ఇంట్లో సరుకులు అన్నీ దీనిమీదే గీకేస్తే మూడు లక్షలేం లెక్క అనుకున్నాను. మొదటి ఫీజు కట్టాక రెండో ఏడాదీ, మూడో ఏడాదీ అలాగే జరిగిపోయింది కూడా.

2024లో దొరికిపోయాను. ఆగస్టు 18న వచ్చిన స్టేట్‌మెంట్లో 2,950 పడి ఉంది. నా లెక్కలో ఖర్చు 3,41,000. బ్యాంకు లెక్కలో 2,79,000. తేడా 62,000 ఎక్కడ పోయిందా అని కూర్చుని చూస్తే అదంతా బంకులో కొట్టించిన డీజిలే. ఆ ఏడాది కరెంటు కోతలకి ఏరియేటర్లు ఆగకుండా జనరేటర్ తిప్పాం, ఆ డబ్బంతా కార్డు మీదే పోయింది, కానీ ఇంధనం ఖర్చు ఫీజు మాఫీ లెక్కలోకి రాదట. షరతుల్లో రాసే ఉంది, నేనే చదవలేదు. చాలా కార్డుల్లో ఇంధనం, అద్దె, వాలెట్లో డబ్బు వేసుకోవడం లాంటివి ఇలాగే పక్కన పెడతారు. కాబట్టి మాఫీకి దగ్గరలో ఉన్నామో లేదో స్టేట్‌మెంట్ మొత్తం చూసి అనుకోకూడదు, యాప్‌లో మాఫీకి ఇంకా ఎంత కావాలో చూపించే చోట చూడాలి.

రెండ్రోజులాగి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కార్డు మూసేయమన్నాను. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "మూసేయొచ్చు సర్, కానీ స్టేట్‌మెంట్లో ఉన్న 2,950 ముందు కట్టాలి" అని. ఇదీ అసలు చిక్కు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మనం మూసేయమంటే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూయాలి, కానీ ముందు బకాయిలన్నీ తీర్చాలి. ఫీజు బిల్లులోకి ఎక్కిందంటే అదీ బకాయే. దేన్నయితే వద్దనుకుని కార్డు మూయమంటున్నామో అదే కట్టాలి! పోనీలే అని కట్టకుండా వదిలేస్తే లేట్ ఫీజు, వడ్డీ, ఆపైన క్రెడిట్ రిపోర్టులో మచ్చ.

అప్పుడు ఇంకో బేరం పెట్టారు, 90 రోజుల్లో 60,000 ఖర్చు పెడితే ఫీజు వెనక్కి ఇస్తామని. మేత బిల్లులతో పెట్టేశాను. డిసెంబరు స్టేట్‌మెంట్లో 2,500 వెనక్కి వచ్చింది, 450 జీఎస్టీ మాత్రం రాలేదు. అడిగితే ట్యాక్స్ వెనక్కి ఇవ్వలేమన్నారు. డబ్బు చిన్నదే గానీ ఒళ్లు మండింది.

అందుకే 2025లో జూలై 4నే ఫోన్ చేశాను. కార్డు ఏడాది ఆగస్టు 6కి నిండుతుంది, ఆ తర్వాత వచ్చే 18వ తేదీ బిల్లులో ఫీజు పడుతుంది. అంటే నెల పైన టైముంది. మూడు లక్షలు చేరడానికి ఇంకా 80 వేలు కావాలి, రొయ్యల పట్టుబడి డబ్బేమో ఆగస్టు చివరికి గానీ చేతికి రాదు. ఫీజు తప్పించుకోవడానికి అవసరం లేనివి కొనడం కంటే బుద్ధితక్కువ పని లేదు.

ఈసారి మూయమనలేదు, ఫీజు లేని కార్డుకి మార్చమన్నాను. డౌన్‌గ్రేడ్ అంటారు. మాట కొంచెం స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే "ఫీజు తగ్గించండి" అంటే మళ్లీ ఖర్చు పెట్టే ఆఫర్‌లోకే లాగుతారు. నన్నూ లాగబోయారు. "ఆఫర్ వద్దండీ, లైఫ్‌టైమ్ ఫ్రీ కార్డేదైనా ఉంటే దానికి మార్చండి, అలాంటిది లేకపోతే ఆగస్టు 6 లోపే మూసేయండి" అన్నాను. కాసేపు లైన్లో ఉంచి, ఉంది సర్ అన్నారు. రిక్వెస్ట్ నంబరు అడిగి రాసుకున్నాను, ఫోన్ పెట్టేశాక అదే మాట నంబరుతో సహా ఈమెయిల్‌లో కూడా పంపాను. జూలై 11న మెసేజ్ వచ్చింది, ఇంకో వారంలో కొత్త కార్డు కొరియర్‌లో వచ్చింది. ఆగస్టు 18 స్టేట్‌మెంట్లో ఫీజు లేదు.

అన్నట్టు ఫోన్ చేసే ముందు ఓ పని చేశాను. 8,400 పాయింట్లు ఉంటే వాటిని బిల్లులో సర్దించేసుకున్నాను. పాయింటుకి పావలా చొప్పున 2,100 వచ్చింది. కొత్త కార్డులో పాయింటు విలువ ఇంకా తక్కువ, పాతవి అటు మారతాయో లేదో ఫోన్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. అలాంటప్పుడు ముందే వాడేసుకోవడం మంచిది.

తగిలిన దెబ్బ ఒకటుంది. కార్డు నంబరు మారిపోయింది. ఫోన్ బిల్లు ఆటోపే పాత నంబరు మీద ఉండిపోయి ఫెయిలయింది, చెరువు గట్టు మీద ఉన్నప్పుడు అవుట్‌గోయింగ్ ఆగేదాకా నాకు తెలియలేదు. లిమిట్ కూడా 2,40,000 నుంచి 1,80,000కి దిగింది. నేను నెలకి నలభై, యాభై వేలు దాటను కాబట్టి నాకు ఇబ్బంది లేదు, లిమిట్ నిండా వాడేవాళ్లు మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి. ఖాతా మాత్రం పాతదే, నా క్రెడిట్ రిపోర్టులో ఇప్పటికీ 2021 ఆగస్టే ప్రారంభ తేదీగా కనిపిస్తోంది. మూసేయకుండా మార్పించుకోవడానికి నాకున్న పెద్ద కారణం అదే. అందరి బ్యాంకుల్లో ఇలాగే ఉంటుందని చెప్పలేను, రిక్వెస్ట్ పెట్టేటప్పుడే "ఖాతా ఇదే కొనసాగుతుందా, కొత్తది తెరుస్తారా" అని అడగండి.

తణుకులో మా బావ మాత్రం ఇంకో బ్యాంకు కార్డుని పూర్తిగా మూయించాడు. బకాయి సున్నా చేసి ఈమెయిల్ పెట్టాడు. ఏడు పనిదినాలు దాటితే రోజుకి 500 రూపాయలు బ్యాంకే మనకి కట్టాలన్న నిబంధన ఎక్కడో చదివాడు, ఇక రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. మూడో రోజున ఏదో సినిమాల యాప్ 199 రూపాయలు దానంతటదే లాగేసింది. బకాయి ఉందని రిక్వెస్ట్ ఆగిపోయింది, ఆ 500 కూడా బకాయి లేనప్పుడే వర్తిస్తుంది కాబట్టి అడగడానికీ లేదు. 199 కట్టి, ఆటోపేలన్నీ రద్దుచేసి మళ్లీ పెట్టాడు, అప్పుడు ఆరో రోజుకి మూసినట్టు మెసేజ్ వచ్చింది. బకాయి లేనట్టు లెటర్ కూడా అడిగి తెప్పించుకున్నాడు.

పాత కార్డులో ఎయిర్‌పోర్ట్ లాంజ్ ఉండేది. నాలుగేళ్లలో గన్నవరంలో రెండుసార్లు వాడాను, అందులో ఒకసారి విమానం లేటవడం వల్ల. మా ఆవిడ ఆ లెక్క తీసి, ఒక్కో ఉప్మాకి ఎంత పడిందో చెప్పింది. ఇక్కడ రాయను.