రాత్రికి సన్నన్నమా, సజ్జ రొట్టా?

నెల్లూరులో చాలా ఇళ్లలో రెండు పూటలా తెల్లటి సన్నన్నమే. సాయంత్రం బేకరీలో పఫ్ఫో బన్నో, అదీ మైదానే. మలబద్ధకంతో పొద్దున బాత్రూంలో టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

పాలిష్ బియ్యం, మైదా రెండింట్లోనూ వంద గ్రాములకు పీచు సుమారు 3 గ్రాములే. సజ్జల్లో 11 దాకా ఉంటుంది. రోజుకు 300 గ్రాముల బియ్యం తినే మనిషికి అన్నం నుంచి వచ్చేది 8, 9 గ్రాములు. రాత్రి వంద గ్రాముల బియ్యం మాని అంతే సజ్జపిండితో రొట్టెలు తింటే మొత్తం 17 అవుతుంది. పీచు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఉండలుగా, గట్టిగా వచ్చే విరేచనం మెత్తబడుతుంది.

రుచిలో, చేపల పులుసుకు జోడీగా, సన్నన్నానిదే గెలుపు. పైగా ఒక్కసారిగా మారితే కడుపుబ్బరం, గ్యాస్ తప్పవు. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, నీళ్లు పెంచాలి. నీళ్లు తక్కువైతే ఇంకా బిగుస్తుంది. పిండి కొద్దికొద్దిగా పట్టించుకోండి, నిల్వ ఉంటే చేదెక్కుతుంది.

విరేచనంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా రొట్టెలతో ప్రయోగాలు వద్దు, డాక్టరుకు చూపించాలి.