కాళ్ళున్న భూతద్దం: రెండున్నరేళ్ళు వాడాక

ఈ భూతద్దం కొన్న కొత్తలో దీని గురించి ఒకసారి రాశాను. అందులో దీని లైటును ఆకాశానికెత్తాను, అసలు సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయడానికి అప్పటికి నాకు తెలియదు. అది తెలియక పోగొట్టుకున్న నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ముందు నా సంగతి చెప్పాలి. వయసు 68. రెండు కళ్ళలోనూ మాక్యులర్ డీజనరేషన్. సూటిగా చూసిన చోట మసక మరక, దాని చుట్టూ పర్వాలేదు. మంచి కన్ను 6/60, అంటే మామూలు కంటికి అరవై మీటర్ల నుంచి కనపడే అక్షరం నాకు ఆరు మీటర్లకు వస్తేనే కనపడుతుంది. చేతులు కొంచెం వణుకుతాయి కాబట్టి చేత్తో పట్టుకునే అద్దం నా వల్ల కాదు, అది కదిలినప్పుడల్లా అక్షరాలు ఈదుతాయి. అందుకే కాగితం మీద పెట్టి జరుపుకునే స్టాండు రకం తీసుకున్నాను. బిళ్ళ పవర్ 20 డయాప్టర్లు, లోపల ఎల్‌ఈడీ లైటు. మిగతా వివరాలన్నీ పెట్టె మీద ఉంటాయి.

మొదటి రోజే పెద్దక్షరాలు కనపడ్డాయి, సంబరపడ్డాను. కానీ అంచులు తేటగా లేవు, పొగలో ఉన్నట్టున్నాయి. ముఖం వెనక్కి జరిపితే కాస్త తేటపడేది. అలా జరుపుతూ జరుపుతూ జానెడు దాటి, ఇంచుమించు మూరెడు దూరం నుంచి చూడటం అలవాటైంది. అక్కణ్ణుంచి బిళ్ళలో ఒకేసారి పట్టేవి రెండు మూడు అక్షరాలు. తెలుగు చదవడానికి అది చాలదు. అక్షరం దొరికితే కింద ఒత్తు తెగిపోతుంది, ఒత్తు కోసం అద్దం దించితే పైన గుడి పోతుంది. అది ‘ది’యో ‘దీ’యో, ‘ద’నో ‘ధ’నో తేల్చుకునేలోపు వాక్యం మొదలు మరిచిపోయేదాన్ని. పత్రికలో ఒక్క పేరా చదివేసరికి అలసట వచ్చేసేది. జబ్బు ముదిరిందనుకున్నాను. ఇంట్లోవాళ్ళకు కూడా అదే చెప్పాను. నాలుగో నెలలో చదవడం మానేశాను.

తర్వాత వేరే పని మీద, చూపు బాగా తగ్గినవాళ్ళను చూసే లో విజన్ క్లినిక్‌కి వెళ్ళినప్పుడు సంచిలో ఇది కూడా ఉంది. అక్కడి ఆప్టోమెట్రిస్ట్ అమ్మాయి ‘ఇంట్లో ఎలా చదువుతారో అలాగే చదివి చూపించండమ్మా’ అంది. నేను అలవాటు ప్రకారం దగ్గరచూపు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. భూతద్దం ఉండగా కళ్ళజోడు ఎందుకు, రెండూ ఒకటే పని కదా అని నా లెక్క. ఆ అమ్మాయి మాట్లాడకుండా కళ్ళజోడు మళ్ళీ నా కళ్ళకు పెట్టి, నా తల పట్టుకుని ముందుకు వంచింది. బిళ్ళకూ కంటికీ మధ్య మూడు వేళ్ళ దూరం. పొగ పోయింది. రెండు మూడు పదాలు ఒక్కసారిగా నల్లగా, తేటగా కనపడ్డాయి. నాకు ఏడుపొచ్చింది.

కారణం ఆమె చెప్పాక తెలిసింది. 20 డయాప్టర్ల బిళ్ళ ఫోకస్ దూరం 5 సెంటీమీటర్లు. కాగితం సరిగ్గా అంత దూరంలో ఉంటే బిళ్ళలోంచి వచ్చే కిరణాలు సమాంతరంగా వస్తాయి, ఎక్కడో దూరాన ఉన్న వస్తువు నుంచి వచ్చినట్టు. అప్పుడు దగ్గరచూపు అద్దాలు అక్కర్లేదు. కానీ స్టాండు రకాల్లో చాలావాటికి కాళ్ళు కొంచెం పొట్టిగా పెడతారు. నాదాంట్లో బిళ్ళకూ కాగితానికీ మధ్య 4.4 సెంటీమీటర్లే ఉంది. దానివల్ల పెద్దదైన అక్షరం కాగితం మీద ఉన్నట్టు కాక, బిళ్ళకు దాదాపు 37 సెంటీమీటర్ల కింద ఉన్నట్టు కంటికి తోస్తుంది. కన్ను బిళ్ళకు ఆ మూడు వేళ్ళ దూరంలో ఉంటే మొత్తం దూరం దాదాపు 40 సెంటీమీటర్లు. అంటే మామూలుగా పుస్తకం పట్టుకునే దూరం. చిన్న వయసులో కన్ను దానంతట అదే సర్దుకుంటుంది. నా వయసులో సర్దుకోదు, ఆ పని +2.50 కళ్ళజోడు చేయాలి. నేను దాన్నే తీసి పక్కన పెట్టాను.

ముఖం వెనక్కి జరిపితే ఎందుకు తేటపడేదో కూడా అప్పుడే అర్థమైంది. జరిగేకొద్దీ ఆ బొమ్మ కంటికి ఇంకా దూరమవుతుంది, కళ్ళజోడు లేని లోటు కొంత తగ్గుతుంది. కానీ కన్ను దూరమైతే బిళ్ళలో కనపడే మేర కుంచించుకుపోతుంది. నా బిళ్ళ వెడల్పు 35 మిల్లీమీటర్లు. 30 సెంటీమీటర్ల దూరం నుంచి కాగితం మీద ఒక సెంటీమీటరు కూడా కనపడదు. 5 సెంటీమీటర్ల నుంచి బిళ్ళంత వెడల్పూ కనపడుతుంది. అంటే తేటదనం కోసం ఒత్తులనూ గుళ్ళనూ వదులుకున్నానన్నమాట.

ఇలాంటిది వాడేవాళ్ళు ఒక్కసారి పరీక్షించుకోండి. కళ్ళజోడు లేకుండా దగ్గర నుంచి మసకగా ఉండి, వెనక్కి జరిగితే తేటపడుతుంటే లోపం కంటిది కాకపోవచ్చు, దగ్గరచూపు అద్దాలు పెట్టి చూడండి. బైఫోకల్ ఉన్నవాళ్ళు కింది ముక్కలోంచి చూడాలి. కళ్ళజోడు పెట్టినా, దగ్గరైనా, దూరమైనా ఒకేలా మసకగా ఉంటే వేరే కారణం ఉంది, చూపించుకోవాల్సిందే. చేత్తో పట్టుకునే అద్దానికి ఈ లెక్క వర్తించదు, దాని దూరం మన చేతిలోనే ఉంటుంది. పెట్టెలో వచ్చిన కాగితంలో బ్యాటరీ ఎలా మార్చాలో బొమ్మలతో సహా ఉంది. ‘దగ్గరచూపు అద్దాలు పెట్టుకుని వాడండి’ అన్న ఒక్క వాక్యం లేదు. నా కోపమంతా దాని మీదే.

ఇక లైటు. కాళ్ళు కాగితాన్ని కప్పేస్తాయి కాబట్టి లోపలి లైటు లేకపోతే పని జరగదు, ఆ మాటకు కట్టుబడే ఉన్నాను. కానీ నున్నటి కాగితం మీద ఆ వెలుగు తెల్ల మచ్చగా పడి, దాని కింది అక్షరాలు మాయమవుతాయి. మందుల అట్టల మీద మరీ ఎక్కువ. అప్పుడు లైటు ఆర్పేసి, మెడ వంగే టేబుల్ ల్యాంపును పక్క నుంచి దగ్గరికి లాక్కుంటాను. ఇంకొకటి: బ్యాటరీ అయిపోయేటప్పుడు లైటు ఒక్కసారిగా ఆరదు, రోజుకింత మందగిస్తుంది. రెండుసార్లు మళ్ళీ చూపు తగ్గిందని హడలిపోయాను. ఇప్పుడు అనుమానమొస్తే మొదట బ్యాటరీ మారుస్తాను.

అంత దగ్గరగా వంగితే మెడ పట్టేస్తుంది. ఏటవాలు పలక ఒకటి బల్ల మీద పెట్టుకున్నాక ఇరవై నిమిషాల దాకా చదవగలుగుతున్నాను, ఆ తర్వాత ఆపాల్సిందే. దీని కింద పెన్ను పట్టదు కాబట్టి సంతకం పెట్టడానికి, ఫారం నింపడానికి పనికిరాదు. వెలిసిపోయిన రసీదుల దగ్గర కూడా ఓడిపోతుంది, ఎందుకంటే పెద్దది చేస్తుందే కానీ అక్షరానికి నలుపు పెంచదు. వాటికి మా అబ్బాయి కొన్న ఎలక్ట్రానిక్ రీడర్ తీస్తాను, అది కెమెరాతో కాగితాన్ని తెర మీద పెద్దది చేసి చూపిస్తుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, బొమ్మను నిలిపేసే బటన్ ఉన్నాయి. కానీ వరసలు జరిపినప్పుడు దాని తెర మీద అక్షరాలు తోకలు లాగుతాయి, కథ చదవబుద్ధి కాదు.

కాబట్టి కొనమని అందరికీ చెప్పలేను. నాది 6/60, ఇంకా కొంత పక్క చూపు మిగిలింది, చేతులు వణుకుతాయి, రోజూ కావలసింది పత్రిక, కథలు. ఈ నాలుగూ కలిసినచోట ఇది నాకు సరిపోయింది. చూపు ఇంకా తగ్గితే ఎక్కువ డయాప్టర్ల బిళ్ళ కావాలి, అందులో కనపడే మేర ఇంకా చిన్నదవుతుంది, అప్పుడు బహుశా ఎలక్ట్రానిక్ వైపే పోవాలి. ప్రస్తుతానికి భూతద్దం, కళ్ళజోడు ఒకే పెట్టెలో పెడుతున్నాను.