డిడక్టిబులా, కో-పేమెంటా: కావలి లెక్క

కావలిలో మా బావమరిది మొదటిసారి ఆరోగ్య బీమా తీసుకుంటూ రెండు కొటేషన్లు ముందు పెట్టాడు. ఒకదాంట్లో 50,000 డిడక్టిబుల్, రెండోదాంట్లో 20 శాతం కో-పేమెంట్. డిడక్టిబుల్ అంటే మొదటి 50,000 మనమే కట్టుకోవాలి, ఆ పైదే కంపెనీది. కో-పేమెంట్‌లో బిల్లు చిన్నదైనా పెద్దదైనా ప్రతిసారీ మన వాటా ఉంటుంది.

డెంగీతో నెల్లూరులో చేరితే కంపెనీ ఒప్పుకున్న ఖర్చు 40,000 అనుకుందాం. మొదటి పాలసీలో అంతా మన జేబులోదే, రెండోదాంట్లో 8,000. అదే ఏడాది గుండెకు స్టెంట్ వేసి 3,00,000 అయితే? డిడక్టిబుల్‌లో మిగిలిన 10,000 కడితే చాలు, కో-పేమెంట్‌లో 60,000. మొత్తం మీద డిడక్టిబుల్‌లో మన ఖర్చు 50,000, కో-పేమెంట్‌లో 68,000.

అయితే ఈ లెక్క డిడక్టిబుల్ ఏడాది మొత్తానికి కలిపి ఉంటేనే. ప్రతి క్లెయిముకూ విడిగా అని రాసుంటే స్టెంటుకు మళ్లీ 50,000, అంటే మొత్తం 90,000! పాలసీ పత్రంలో ఆ ఒక్క మాట వెతకమన్నాను. చేతిలో 50,000 పక్కన పెట్టుకోగలిగితే, నా ఓటు ఏడాది డిడక్టిబుల్‌కే. పెద్ద జబ్బులో మన వాటా ఎంతో ముందే తెలుస్తుంది.