అంగారకుడికి ఫోన్ చేస్తే: హార్డ్, సాఫ్ట్ సైన్స్ ఫిక్షన్

పలాసలో ఉన్న తల్లి అంగారకుడి మీద పనిచేస్తున్న కొడుకుతో మాట్లాడాలి. ఈ ఒక్క సన్నివేశం చాలు, రెండు రకాల కథలకీ తేడా తెలియడానికి.

తెలిసిన సైన్స్‌కి కట్టుబడి నడిచే హార్డ్ రకంలో రచయిత ముందు లెక్క చూసుకోవాలి. రేడియో తరంగాలు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. ఆ రోజు అంగారకుడు 18 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే మాట చేరడానికి 10 నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో 10. "ఏట్రా, తిన్నావా?" అని అడిగిన తల్లి, జవాబు వచ్చేలోపు అన్నం వార్చేసుకోవచ్చు. దూరం మారుతుంటుంది కాబట్టి ఒకవైపు ఆలస్యం 3 నుంచి 22 నిమిషాల దాకా ఉంటుంది. సూర్యుడు మధ్యకొస్తే దాదాపు రెండు వారాలు సంకేతాలు నమ్మలేం. పక్కింటివాళ్లలా టకటకా మాట్లాడేసుకుంటే అది హార్డ్ కథ కాదు, ఎన్ని సాంకేతిక పదాలు దట్టించినా సరే.

సైన్స్ లెక్కల కన్నా మనుషుల మీద దృష్టి పెట్టే సాఫ్ట్ కథలో మాట క్షణంలో చేరిపోవచ్చు. కాంతిని మించిన సంకేతం సాపేక్షతా సిద్ధాంతానికి కుదరదు, అయినా ఆ ఒక్కటీ ఒప్పేసుకుంటాం. అడగాల్సింది వేరే: రోజూ మొహం చూసే వీలున్నప్పుడు వలస పోయినవాడికీ ఊరికీ మధ్య ఏం మారింది? జీడితోట అమ్మకం అక్కడి నుంచే తేల్చేస్తాడా? ఇక్కడా తప్పు దొరుకుతుంది. ఆపద వేళ మాత్రం ఆ ఫోన్ కారణం లేకుండా మూగబోతే, రచయిత తన నియమం తానే తప్పినట్టు.