బుడిగాడా, మిణుకా, నెమ్మదా?

మేం వేస్తున్న నాలుగు బొమ్మల పుస్తకాల్లోనూ హీరో దేవాంగపిల్లే. బెంగళూరులో టాటా ఇన్‌స్టిట్యూట్ చెట్ల మీద అది ఇప్పటికీ ఉంది. సన్నటి కాళ్ళు, ముఖం నిండా కళ్ళు, తిరిగేది రాత్రిపూటే. సిరీస్‌కి జాతి పేరే పెడదామంటే పిల్లలు దాన్ని పిల్లి అనుకుంటారు. నిజానికి అది కోతులకి చుట్టం. కాబట్టి సొంత పేరు కావాలి. చివరికి మూడు మిగిలాయి.

అందరికీ ముందు నచ్చింది 'బుడిగాడు'. నోటికి హాయిగా ఉంది. కానీ అట్టల మీద రాసి చూస్తే తేడా కొట్టింది. మొదటి పుస్తకం 'బుడిగాడు బడికెళ్ళాడు', రెండోది 'బుడిగాడి గొడుగు', మూడోది 'బుడిగాణ్ణి ఎవరు చూశారు?'. పేరు చివర ప్రతిసారీ మారిపోతోంది. బొమ్మలేసే అమ్మాయి పేరుని ఒకసారి అందంగా గీసి నాలుగు అట్టల మీదా వాడుకుందామనుకుంది. అది కుదరదు. పైగా 'గాడు' అనగానే మగపిల్లాడని తేలిపోతుంది.

చీకట్లో టార్చి వేస్తే దాని కళ్ళు మెరుస్తాయి కదా, అందుకని 'మిణుకు' అనుకున్నాం. అట్ట మీద చూడ్డానికి ఇదే బాగుంది. చిక్కు లోపలి పేజీల్లో వచ్చింది. 'మిణుకుకి ఆకలేసింది' అని పక్కింటి ఏడేళ్ళ పిల్ల చేత చదివిస్తే, 'కుకీ'నా అని పడీ పడీ నవ్వింది. నోట్లో అది మిణుక్కి, రాతలో మిణుకుకి. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదివేవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

'నెమ్మది'కి ఏం తగిలించినా పేరు చెక్కు చెదరదు: నెమ్మదికి, నెమ్మదితో, నెమ్మది గొడుగు. 'నెమ్మది వచ్చింది' అంటే ఆడపిల్లైనా కావచ్చు, ఉత్త జంతువైనా కావచ్చు. ఆ పని తెలుగు క్రియే చేసిపెడుతుంది. 'నెమ్మది నెమ్మదిగా దిగింది' అని పైకి చదివితే పిల్లలు రెండోసారి అడుగుతారు. ఒత్తు ఒక్కటే, అదీ మకి మవత్తు.

లోపాలు లేవని కాదు. దేవాంగపిల్లి మెల్లగా పాకినా, పురుగు దొరికితే చటుక్కున లాక్కుంటుంది. మూడో పుస్తకంలో ఆ సీనుంది. పేరుకి ఎదురు తిరిగే ఆ పేజీయే మంచి నవ్వు అవుతుందని నా లెక్క. కన్నడంలో నెమ్మది అంటే మనశ్శాంతి, అది మాకు లాభమే. కింది ఇంటాయనకి మాత్రం కర్ణాటకలో ఒకప్పుడు ఇన్‌కమ్ సర్టిఫికెట్లిచ్చిన నెమ్మది కేంద్రాలు గుర్తొచ్చాయట. ఆరేళ్ళ పిల్లలకి ఆ బాధ లేదు.

పుస్తకం పేరుకి కాపీరైట్ రాదు. సిరీస్ పేరు మనదిగా ఉండాలంటే అచ్చు పుస్తకాలు వచ్చే 16వ తరగతిలో ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు వేసుకోవాలి. ఉత్త 'నెమ్మది' అందరి మాట, గట్టిగా నిలబడదు. అందుకే అట్ట మీద ఆ అక్షరాలని కొమ్మకి వేలాడుతున్నట్టు గీయిస్తున్నాం. దరఖాస్తులో ఆ బొమ్మే పెడతాం.