బెంచీలు, వైట్‌బోర్డులకు సప్లయర్‌కి మెయిల్ రాసేముందు ఇది చూడండి (చెన్నై స్కూళ్లవాళ్లకు)

జూన్‌లో బళ్లు తెరిచేలోపు ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి సప్లయర్‌కి ఒక మెయిల్ వెళ్తుంది: "బాగా మన్నే బెంచీలు, వైట్‌బోర్డులు ఏ బ్రాండువో చెప్పండి." మోసానికి దారి ఇచ్చేది ఈ ఒక్క వాక్యమే. జవాబులో రెండు మూడు పేరున్న బ్రాండ్లు వస్తాయి. కొటేషన్‌లో మాత్రం ఆ పేరు పక్కన "లేదా సమానమైనది" అని చేరుతుంది. ఆ మాట ఉన్నాక వేరే సరుకు దించినా నిలదీయడం మనకు కష్టమవుతుంది.

బెంచీల్లో కోత పడేది పైపు మందంలో. కొటేషన్‌లో 16 గేజ్ అని ఉంటుంది, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు. వచ్చేది 18 గేజ్, సుమారు 1.2. పౌడర్ కోటింగ్ వేశాక కంటికి రెండూ ఒకటే. తూకం మాత్రం దాచలేరు: 25 మిల్లీమీటర్ల చదరపు పైపు మీటరుకి 16 గేజ్‌లో దాదాపు 1.18 కిలోలు, 18 గేజ్‌లో 0.9 కిలోలు తూగుతుంది. ఒక బెంచీకి 8 మీటర్ల పైపు పట్టిందనుకోండి, ఫ్రేము ఒక్కటే 9.4 కిలోలు ఉండాల్సింది 7.2కి దిగిపోతుంది. పిల్లలు వెనక్కి ఊగే బెంచీకి ముందుగా వదిలేది కాళ్ల దగ్గరి వెల్డింగే. కొందరు కాళ్లకు మాత్రం 16 వేసి, అడ్డపట్టీలకు సన్నది వేస్తారు. అందుకే కాలి కింద రబ్బరు బూటు లాగి, పైపు అంచున రంగు కాస్త గీకి, వెర్నియర్ పెట్టి చూడండి. అడ్డపట్టీని కూడా తూకంతో పట్టుకోవచ్చు. బూటు తీసినప్పుడు లోపల తుప్పు నీళ్లు కనిపిస్తే ఆ బెంచీ అక్కడే తిప్పి పంపండి, మన సముద్రపు గాలికి అది ఆగదు.

పైపలక కూడా అడగాలి. ప్రీలామినేటెడ్ పార్టికల్ బోర్డు అంచు బ్యాండింగ్ ఊడితే, తుడిచిన తడికే ఉబ్బిపోతుంది. తడిని తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అని రాయించుకోండి.

వైట్‌బోర్డు విషయంలో అయస్కాంతం అంటుకుంటే చాలు అనుకోకండి. రంగు పూసిన స్టీలుకీ అది అంటుకుంటుంది. కావలసింది సిరామిక్ స్టీలు, అంటే రేకు మీద గాజుపొర కరిగించి అతికించినది. శాంపిల్ ముక్క తెప్పించి మూలన తాళంచెవితో గట్టిగా గీయండి. రంగు పూతయితే గీత లోతుగా దిగుతుంది. సిరామిక్ మీద పడేది తాళంచెవి మచ్చ, అది తుడిస్తే పోతుంది. మెలమిన్ బోర్డు మీద మార్కర్ రాత రెండు రోజులు ఉంచి తుడిస్తే నీడ మిగిలిపోతుంది.

మెయిల్ ఇలా రాయండి: "కాళ్లు, అడ్డపట్టీలు అన్నీ 1.6 మిల్లీమీటర్ల పైపు, పలక ఐఎస్ 710 ప్లైవుడ్, బోర్డు సిరామిక్ స్టీలు. ఒక బెంచీ, ఒక బోర్డు ముక్క ముందు పంపండి, వాటిని మా దగ్గరే ఉంచుకుంటాం. లోడులో ఏవైనా మూడు బెంచీలు తూస్తాం. శాంపిల్ తూకంతో కలవకపోతే లోడంతా వెనక్కి." బ్రాండ్ పేరు దీని తర్వాత అడగండి. కనీసం సగం డబ్బు ఆ తూకం అయ్యాకే ఇవ్వండి.