ఆన్‌లైన్ సరుకుల పేజీలో టైపు చేసిన పదార్థాల జాబితాను నమ్మి కొనవద్దు

హైదరాబాద్‌లో విదేశీ బిస్కెట్లు, చాక్లెట్లు ఇంటికి తెచ్చిచ్చే ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి గత నెల నేను బ్రిటన్‌లో తయారైన చాక్లెట్ బిస్కెట్ల ప్యాకెట్ తెప్పించాను. ఇంట్లో అలర్జీ ఉన్నవారి కోసం ఇలాంటివి కొనేవారు ఈ విషయం తెలుసుకోవాలని రాస్తున్నాను. మా అక్క కూతురికి హేజిల్‌నట్ పడదు. దుకాణం పేజీలో పదార్థాల వివరం ఇలా ఉంది: "గోధుమ పిండి, మిల్క్ చాక్లెట్, పామాయిల్, పంచదార, ఉప్పు." ప్యాకెట్ చేతికి వచ్చాక వెనుకవైపు చదివితే అసలు జాబితా ఇదీ (అక్కడ ముద్దక్షరాల్లో ఉన్న మాటలకు నేను నక్షత్రపు గుర్తులు పెట్టాను):

"\*గోధుమ\* పిండి, మిల్క్ చాక్లెట్ (28%) [పంచదార, కోకో బటర్, \*పాల\* పొడి, కోకో మాస్, \*హేజిల్‌నట్\* పేస్ట్ (4.5%), వే పొడి (\*పాలు\*), ఎమల్సిఫైయర్: \*సోయా\* లెసిథిన్], పామాయిల్, పంచదార, ఉప్పు."

దుకాణం పేజీలో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ చదరపు బ్రాకెట్‌లోని భాగమంతా ఎగిరిపోయింది, దానితోపాటు హేజిల్‌నట్, సోయా రెండూ పోయాయి. మిల్క్ చాక్లెట్ అనేది స్వయంగా కొన్ని పదార్థాల కలయిక కాబట్టే దాని లోపలి సరుకును బ్రాకెట్‌లో విప్పి చెబుతారు. ఫొటో చూసి టైపు చేసిన వ్యక్తి దానిని అనవసరమైన వివరణ అనుకుని ఉండవచ్చు. పాప తినకముందే చూశాం కాబట్టి ప్రమాదమేమీ జరగలేదు. డబ్బు వాపసు ఇచ్చారు గానీ, "ఫొటో పెట్టాం కదండీ, చూసుకోవాల్సింది" అన్నారు. ఆ ఫొటోలో ప్యాకెట్ మడత సరిగ్గా బ్రాకెట్ మీదుగా పోతోంది, ఎంత పెద్దది చేసినా అక్షరాలు కలిసిపోతున్నాయి.

బ్రాకెట్ ఉన్నచోటల్లా అర్థం ఒకటే కాదని కూడా గమనించండి. పై జాబితాలో చదరపు బ్రాకెట్ చాక్లెట్ లోపలి పదార్థాలను చెబుతుంది, (28%) మొత్తం బిస్కెట్‌లో చాక్లెట్ వాటాను చెబుతుంది, "వే పొడి" పక్కనున్న (పాలు) మాత్రం అది దేని నుంచి వచ్చిందో చెబుతుంది. ఈ చివరి రకాన్ని తీసేస్తే వే అంటే పాల విరుగుడు అని తెలియని కొనుగోలుదారుకు ఏ సూచనా మిగలదు.

ముద్దక్షరాల సంగతి మరీ అన్యాయం. బ్రిటన్‌లోనూ ఐరోపా యూనియన్‌లోనూ అలర్జీ కలిగించే పదార్థాన్ని జాబితాలోనే విడిగా కనిపించేలా ముద్రించాలన్న నియమం ఉంది. మన దేశపు ప్యాకెట్లలో సాధారణంగా జాబితా కింద వేరే వరుసలో చెబుతారు. టైపు చేసేటప్పుడు ఆ ముద్దతనం జారిపోతుంది. ఇంగ్లీషులో పెద్దక్షరాలు వాడుకోవచ్చు, తెలుగు లిపికి ఆ వెసులుబాటు లేదు కాబట్టి నక్షత్రపు గుర్తే మేలు. వాట్సాప్‌లో దానిని మాటకు రెండు వైపులా పెడితే ముద్దక్షరంగా కూడా మారుతుంది. అయితే ప్యాకెట్ మీద ఏ మాట ముద్దగా ఉందో సరిగ్గా దానికే గుర్తు పెట్టాలి. అదే దుకాణం మరో పేజీలో కోకో బటర్‌ను ముద్దగా చూపించి (బటర్ అన్న పేరుకు మోసపోయారు కాబోలు, అది కోకో గింజల కొవ్వు), పక్కనే ఉన్న వే పొడిని మామూలుగా వదిలేశారు.

శాతాల్లో పొరపాటును మాత్రం ప్యాకెట్ లేకుండానే పట్టుకోవచ్చు. పదార్థాలను బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదాని వరకు వరుసగా రాయాలి. ఆ దుకాణంలోనే ఒక ఓట్స్ మిశ్రమానికి "ఓట్స్ 52%, బెల్లం 18%, తేనె 8%, బాదం 45%" అని ఉంది. ఎనిమిది తరువాత నలభై అయిదు రావడానికి వీల్లేదు, మొత్తం కూడా వంద దాటిపోతోంది. అక్కడ చుక్క జారింది, అది 4.5%. బ్రాకెట్ లోపలి వరుసను మాత్రం బయటి వరుసతో కలపకుండా విడిగా చూడాలి. బ్రిటన్ ప్యాకెట్లలో 2 శాతంకంటే తక్కువున్నవాటిని చివర ఏ క్రమంలోనైనా రాయవచ్చు కనుక అక్కడ ఈ పరీక్ష పనిచేయదు.

కొనేముందు వెనుకవైపు ఫొటో మడత లేకుండా, బ్రాకెట్ రెండు చివరలూ కనబడేలా మళ్లీ పంపమని అడగండి. పంపకపోతే ఆ వస్తువు వదిలేయండి. ఆన్‌లైన్‌లో అమ్మేవారు లేబుల్‌పై తప్పనిసరైన వివరాలను కొనడానికి ముందే చూపాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. తేడా కనబడితే పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ప్యాకెట్ ఫొటోతో కలిపి దాచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. నేను ఫిర్యాదు చేశాను. ఈ పోస్టు రాసేనాటికి ఆ బిస్కెట్ పేజీ ఇంకా మారలేదు.